ఏ ఉద్యోగానికో చెప్పని రెజ్యూమే

రాత్రి తొమ్మిదిన్నరకు వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. ఫైలు పేరు `resume_final_new(2).pdf`. దాని కింద ఒక్కటే ముక్క: "అంకుల్, చూసి ఎలా ఉందో చెప్పండి." పంపినవాడు గుంటూరులో ఉండే నా పాత స్నేహితుడి కొడుకు. ఏ ఉద్యోగానికి పెడుతున్నాడో రాయలేదు. ఏ ఊళ్లో చేయాలనుకుంటున్నాడో రాయలేదు. ప్రకటన ఏదైనా చూశాడో, ఊరికే తయారు చేసుకున్నాడో కూడా తెలియదు.

విజయవాడలో అకౌంట్సు, ఆఫీసు ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. అందువల్ల ఇలాంటివి నాకు నెలకు నాలుగైదు వస్తుంటాయి. పని ఒత్తిడిలో ఉన్నప్పుడు "బాగుంది బాబూ, ఆల్ ది బెస్ట్" అని పంపేవాణ్ణి. తీరిక ఉంటే "ఏ ఉద్యోగానికో చెప్పు, అప్పుడు చూస్తాను" అనేవాణ్ణి. మొదటి జవాబు వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. రెండోది న్యాయమైన మాటే అనుకునేవాణ్ణి కానీ, ఆ మాట అందుకున్నవాళ్లలో చాలామంది మళ్లీ రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. నేనడిగిన ప్రశ్నకే వాళ్ల దగ్గర జవాబు లేదు.

ఈ అబ్బాయినే తీసుకోండి. బీకాం చదివాడు. మూడేళ్లుగా ఒక మందుల హోల్‌సేల్ దుకాణంలో పనిచేస్తున్నాడు. నువ్వేం చేస్తావురా అని ఎవరైనా అడిగితే "అకౌంట్స్ చూస్తానండీ" అంటాడు. అదే పనిని పెద్ద కంపెనీల ప్రకటనల్లో ఒకచోట అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ అంటారు, ఒకచోట జీఎస్టీ అసిస్టెంట్ అంటారు, ఇంకోచోట రిసీవబుల్స్ అంటారు. ఆ పేర్లు అతను వినలేదు. వినని ఉద్యోగం కావాలని ఎలా చెబుతాడు? పైగా ఒక పేరు చెబితే మిగతా తలుపులు మూసుకుపోతాయేమోనన్న భయం. అందుకే "ఏదైనా పర్లేదండీ" అంటారు. ఈ సంగతి తెలిశాక, ఏ ఉద్యోగమో తెలియకుండానే చదివి జవాబివ్వడం నేర్చుకున్నాను. అలా చెప్పగలిగింది చాలా ఉంది. అలా చెప్పకూడనిదీ ఉంది. ఈ అబ్బాయి రెజ్యూమే ముందు పెట్టుకుని ఆ రెండూ చూద్దాం. గుర్తుపట్టకుండా అతని వివరాలు కొన్ని మార్చాను.

చెప్పకూడనిది ముందు చెబుతాను, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువగా చెప్పేది అదే. ఈ అబ్బాయి నాకంటే ముందు ముగ్గురికి చూపించాడు. బ్యాంకులో రిటైరైన మేనమామ చూసి, తండ్రి పేరు, పుట్టిన తేదీ పెట్టు, చివర "పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అని రాసి సంతకానికి చోటు వదులు అన్నాడు. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తున్న పెద్దమ్మ కొడుకు చూసి, ఫోటో తీసెయ్, పుట్టిన తేదీ తీసెయ్, ఒక్క పేజీకి కుదించు అన్నాడు. దుబాయ్‌లో ఉండే బావ చూసి, ఫోటో లేకపోతే ఎవరూ చూడరు, పాస్‌పోర్టు ఉందని, వీసా సంగతేమిటో పైనే రాయి అన్నాడు. పిల్లవాడు మూడూ కలిపి రెండు పేజీలు చేశాడు. ఫోటో ఉంది, డిక్లరేషన్ ఉంది, అక్షరాలు ఎనిమిదో సైజుకు తగ్గాయి.

ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. అమెరికా కంపెనీలకు పంపే రెజ్యూమేలో ఫోటో, వయసు, పెళ్లి వివరం ఉండవు. గల్ఫ్‌లో ఫోటో, జాతీయత, వీసా వివరం రాయడం మామూలు. మన ప్రభుత్వ నియామకాల్లో దరఖాస్తు ఫారమే వేరు, అక్కడ తండ్రి పేరూ డిక్లరేషనూ తప్పవు. ఎవరి సలహా వాళ్లు చూసిన లోకానికి సరిపోతుంది. ఇబ్బందల్లా, ముగ్గురూ మనసులో ఒక ఉద్యోగాన్ని ఊహించుకుని, ఆ ఊహను బయటికి చెప్పకుండా సలహా మాత్రమే ఇచ్చారు. ఫోటో ఉండాలా వద్దా, ఒక పేజీయా రెండా, చదువు పైన పెట్టాలా అనుభవం పైన పెట్టాలా అన్నవన్నీ ఎవరికి పంపుతున్నామన్న దాని మీద ఆధారపడే విషయాలు. అది తెలియనప్పుడు వాటి మీద తీర్పు చెబితే, వినేవాడి దగ్గర ఒకదానికొకటి పొసగని సలహాలు పోగుపడతాయి. చెప్పాలనిపిస్తే "గల్ఫ్‌కైతే ఇలా" అని ముందు షరతు పెట్టి చెప్పాలి.

సరే, మరి చెప్పదగింది ఏమిటి?

నేను మొదట చేసేది చాలా చిన్న పని. పీడీఎఫ్ తెరిచి, పది సెకన్లు చూసి, మూసేస్తాను. మూశాక ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాస్తాను: ఈ మనిషి ఎవరు, ఏ ఉద్యోగం అడుగుతున్నట్టున్నాడు? మళ్లీ తెరిచి చూడకుండా రాయాలి. ఈ పది సెకన్ల లెక్క నా ఇష్టం కొద్దీ పెట్టుకున్నది కాదు. 2012లో అమెరికాలోని ద లాడర్స్ అనే ఉద్యోగాల వెబ్‌సైటు 30 మంది రిక్రూటర్ల కంటి చూపు ఎక్కడెక్కడ ఆగుతోందో పరికరాలతో గమనించింది. ఒక రెజ్యూమేను ఉంచాలా తీసేయాలా అన్న తొలి నిర్ణయానికి వాళ్లు సుమారు 6 సెకన్లు తీసుకున్నారు. 2018లో మళ్లీ చూస్తే అది 7.4 సెకన్లు. ఆ కాసేపట్లో చూపు ఎక్కువగా ఆగింది పేరు, ఇప్పటి ఉద్యోగం, అంతకుముందటి ఉద్యోగం, వాటి తేదీలు, చదువు మీద. 30 మందంటే చిన్న సంఖ్యే, దాన్ని శాసనంగా తీసుకోనక్కర్లేదు. కానీ దొంతరలో వందో కాగితం చదివే మనిషి తీరు అలాగే ఉంటుందని నా అనుభవమూ చెబుతోంది.

ఈ అబ్బాయిది చూసి మూశాక నేను రాసిన వాక్యం ఇది: "కొత్తగా డిగ్రీ అయిన కుర్రాడు, కంప్యూటర్ కోర్సులు చేశాడు, సాఫ్ట్‌వేర్ వైపు చూస్తున్నాడేమో." మూడేళ్ల అనుభవం నా కంట పడనే లేదు. ఎందుకు పడలేదో చూడటానికి మళ్లీ తెరిచాను. పేజీ పైభాగంలో ఆరు వరుసల కెరీర్ ఆబ్జెక్టివ్ ఉంది. ప్రతిష్ఠాత్మక సంస్థలో చేరి తన నైపుణ్యాలతో సంస్థ అభివృద్ధికి తోడ్పడాలని దాని సారాంశం. దాని కింద చదువు పట్టిక, పదో తరగతి నుంచి. దాని కింద నైపుణ్యాలు: టాలీ, ఎమ్మెస్ ఆఫీస్, పైథాన్, జావా బేసిక్స్, డిజిటల్ మార్కెటింగ్, ఒక్కోదాని పక్కన నక్షత్రాలు. మూడేళ్లు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా చేసిన పని రెండో పేజీలో, రెండు వరుసల్లో ఉంది.

"నాకు ఇలా అనిపించింది" అని ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు పంపితే చాలు, సలహాలో సగం అందినట్టే. అది తీర్పు కాదు కాబట్టి నొప్పించదు. ఉద్యోగం పేరు నాకు తెలియకపోవడం ఇక్కడ కలిసొస్తుంది కూడా. ముందే "అకౌంట్స్‌కండీ" అని చెప్పి ఉంటే నా కళ్లు అకౌంట్స్‌నే వెతికి పట్టుకునేవి. ఏమీ తెలియని మనిషికి ఆ కాగితం ఎలా కనిపిస్తుందో చెప్పగలిగేది ఏమీ తెలియనివాడే.

ఒకటో తారీఖు నుంచి మొదలుపెట్టు

రెండోసారి నింపాదిగా చదివేటప్పుడు ఆ రెండు వరుసల దగ్గరే ఆగాను. "రెస్పాన్సిబుల్ ఫర్ అకౌంట్స్, జీఎస్టీ అండ్ అదర్ ఆఫీస్ వర్క్స్" అని ఉంది. ఇలాంటి వాక్యానికి నేను పెట్టే పరీక్ష ఒకటుంది. ఇదే వాక్యాన్ని ఇతని క్లాసులో చదివిన ఇంకొకడు తన రెజ్యూమేలోకి ఎత్తి రాసుకుంటే ఎవరైనా కనిపెట్టగలరా? కనిపెట్టలేరంటే ఆ వాక్యం ఇతని గురించి ఏమీ చెప్పడం లేదు. ఏ ఉద్యోగానికి పంపినా ఆ లోపం లోపమే. కాబట్టి దాని గురించి ధైర్యంగా మాట్లాడొచ్చు.

ఐతే "ఇంకా వివరంగా రాయి" అంటే వాళ్లకు అంతుపట్టదు. ఏం రాయాలో తెలిస్తే ముందే రాసేవాళ్లు. నేను ఫోన్ చేసి ఒకటే అడుగుతాను: "ఒకటో తారీఖున షాపుకెళ్లి ఏం చేస్తావు? అక్కణ్నుంచి నెలాఖరు దాకా చెప్పుకుంటూ పో." ఈ ప్రశ్నకు జవాబు లేనివాళ్లను నేను చూడలేదు. ఉద్యోగం పేరు తెలియకపోయినా నెల రోజులు గడిపిన తీరు అందరికీ తెలుసు.

అతను చెప్పుకుంటూ పోయాడు. రోజూ అరవై డెబ్భై అమ్మకం బిల్లులు పడతాయి. మందుల బిల్లంటే బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ తప్పకుండా ఎక్కాలి. బిల్లింగ్ మార్గ్‌లో, ఖాతాలు టాలీలో. "మార్గ్ రాయలేదేంరా?" అంటే, "అది బిల్లింగ్ సాఫ్ట్‌వేరే కదండీ" అన్నాడు. మందుల పంపిణీ దుకాణాల్లో విరివిగా వాడే సాఫ్ట్‌వేర్‌ను రోజూ వాడుతున్నదే కదా అని వదిలేసి, నెల రోజులు నేర్చుకున్న జావా రాశాడు. చేతికి అలవాటైపోయిన పని మనకు నైపుణ్యంలా కనిపించదు.

పదకొండో తారీఖులోగా జీఎస్‌టీఆర్-1 వెళ్లాలి, అందుకు అమ్మకాల వివరాలు సిద్ధం చేస్తాడు. పద్నాలుగున పోర్టల్లో జీఎస్‌టీఆర్-2బి వస్తుంది. అమ్మినవాళ్లు తమ రిటర్నుల్లో చూపించిన బిల్లులు అందులో ఉంటాయి. తమ కొనుగోలు పుస్తకాన్ని దానితో పోల్చి, తేడా ఉన్నచోట ఆ కంపెనీ డిపోకు ఫోన్ చేసి "ఫలానా బిల్లు మీరు ఎక్కించలేదు" అని అడుగుతాడు. బిల్లు అందులో లేకపోతే దాని మీది పన్ను క్రెడిట్ యజమానికి రాదు. ఇరవయ్యో తారీఖులోగా జీఎస్‌టీఆర్-3బి. నెలకోసారి బ్యాంకుకు స్టాక్ స్టేట్‌మెంట్, దుకాణానికి క్యాష్ క్రెడిట్ ఖాతా ఉంది కాబట్టి. ప్రతి శనివారం నూట నలభై మెడికల్ షాపుల బాకీలు తీసి, అరవై రోజులు దాటినవాటి జాబితా సేల్స్‌మెన్ చేతికి ఇస్తాడు. తేదీ దాటిన మందులు తిరిగొస్తే క్రెడిట్ నోట్లు వేస్తాడు.

ఇరవై నిమిషాల ఫోన్‌లో ఇంత వచ్చింది. కాగితం మీద మాత్రం "అదర్ ఆఫీస్ వర్క్స్" అని ఉంది.

దీన్ని వాక్యాలుగా మార్చడం పెద్ద విద్యేం కాదు. "సుమారు 140 మెడికల్ షాపుల బాకీలను వారం వారం సరిచూసి, 60 రోజులు దాటినవాటి జాబితా తయారు చేస్తాను" అన్నది ఒక వాక్యం. "కొనుగోళ్లను ప్రతి నెలా 2బితో పోల్చి, తేడాలను సరఫరాదారులతో మాట్లాడి సరిచేయిస్తాను" అన్నది ఇంకొకటి. రెజ్యూమేలోకి ఇవి ఇంగ్లీషులో వెళ్తాయి కానీ ముందు తెలుగులో చెప్పించి రాయిస్తేనే నిజమైన పని బయటికొస్తుంది. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే చేయి తనంతట తనే "రెస్పాన్సిబుల్ ఫర్" అని రాసేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. జీఎస్టీ రిటర్న్ ఫైలింగ్ అని రాశాడు కానీ, పోర్టల్లో రిటర్ను వేసేది ఎవరని అడిగితే "ఆడిటర్ గారి ఆఫీసువాళ్లండీ, డేటా నేనిస్తాను" అన్నాడు. ఐతే డేటా సిద్ధం చేస్తానని రాయాలి. ఫైలింగ్ అని రాసుకుంటే ఇంటర్వ్యూలో "3బిలో క్రెడిట్ ఏ టేబుల్లో చూపిస్తారు?" అని అడుగుతారు. నాలుగో టేబుల్లో అన్న జవాబు తనే స్వయంగా నింపేవాడికి వెంటనే నోటికొస్తుంది. డేటా మాత్రమే ఇచ్చేవాడు తడబడతాడు. ఆ ఒక్క తడబాటుతో నిజంగా చేసిన 2బి పని మీద కూడా అనుమానం పడుతుంది. అలాగే "సామర్థ్యాన్ని 30 శాతం పెంచాను" వంటి శాతాలు ఇంటర్నెట్‌లో చూసి పెట్టుకుంటారు. ఎలా కొలిచావు అంటే చెప్పలేని అంకె రాయకూడదు. నూట నలభై షాపులన్నది అతను లెడ్జర్ తెరిచి చూపించగల అంకె.

ఎవరికి పంపినా మారనివి

ఇక మిగిలినవి, ఉద్యోగంతో సంబంధం లేకుండా సరిదిద్దవలసినవి. వాటిలో ముందు తేదీలు. డిగ్రీ 2020లో పూర్తయింది. ఉద్యోగం 2022 జూన్‌లో మొదలైంది. మధ్యలో రెండేళ్లు ఏమయ్యాయో ఎక్కడా లేదు. గ్యాప్ కనిపించకుండా చేయడానికి నెలలు తీసేసి సంవత్సరాలే రాశాడు. చదివేవాడికి అదే ముందు అనుమానం కలిగిస్తుంది. ఆ రెండేళ్లూ ఏం చేశావంటే బ్యాంకు పరీక్షలకు, గ్రూప్స్‌కు చదివానన్నాడు. మన జిల్లాల్లో ఇదేమంత అరుదైన సంగతి? "2020-22: పోటీ పరీక్షలకు సిద్ధమయ్యాను" అని ఒక్క వరుస రాస్తే అక్కడితో సరి. ఖాళీగా వదిలితే చదివేవాడు తన ఇష్టం వచ్చింది ఊహించుకుంటాడు.

తేదీల దగ్గరే ఇంకో మాట. ఆ దుకాణంలో ఎనిమిది మంది పనిచేస్తారు. 20 మందికి తక్కువుంటే ప్రావిడెంట్ ఫండ్ తప్పనిసరి కాదు కాబట్టి ఇతనికి పీఎఫ్ ఖాతా లేదు. ఈమధ్య పెద్ద కంపెనీలు పాత ఉద్యోగాన్ని పీఎఫ్ రికార్డులో చూసి సరిపోల్చుకుంటున్నాయి. నకిలీ అనుభవ పత్రాలు అమ్మేవాళ్ల పుణ్యమా అని నిజంగా పనిచేసిన ఇలాంటి పిల్లలు నిరూపించుకోవలసి వస్తోంది. జీతం బ్యాంకులో పడుతున్న స్టేట్‌మెంటు, యజమాని లెటర్‌హెడ్ మీద చేరిన తేదీతో ఉత్తరం ఇప్పుడే తీసిపెట్టుకోమని చెప్పాను. రెజ్యూమేలో రాయవలసింది కాకపోయినా, దాన్ని చూసినప్పుడే చెప్పవలసిన విషయం.

రెండోది పేరు. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, సర్టిఫికెట్లలోనూ అలాగే ఉంటుంది. రెజ్యూమేలో ఇతను ఇంటిపేరును ఒక పొడి అక్షరం చేసి పెట్టాడు. ఈమెయిల్లో ముద్దుపేరు. పదో తరగతి మెమోలో పూర్తి పేరు మూడు ముక్కలు. ఆన్‌లైన్ ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని అడిగితే ఒక్కోచోట ఒక్కోలా నింపాడు. ఆఫర్ లెటర్ దాకా వచ్చాక సర్టిఫికెట్‌తో పేరు కలవకపోతే వచ్చే తిప్పలు నేను చాలా చూశాను. ఒక పద్ధతి ఎంచుకుని అన్నిచోట్లా అదే రాయాలి.

మూడోది, ఆ కాగితాన్ని యంత్రం చదవగలదా అన్నది. ఇప్పుడు చాలా కంపెనీల్లో రెజ్యూమే ముందుగా ఒక సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తుంది. అది అక్షరాలను పీకి గళ్లలో నింపుకుంటుంది. రెండు వరుసల డిజైన్లు, పెట్టెలు, బొమ్మలుగా అతికించిన అక్షరాలు దానికి అడ్డుపడవచ్చు. దీన్ని తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. పీడీఎఫ్‌లో మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చదవాలి. ఇతనిది చేసి చూస్తే చదువు పట్టికలోని శాతం, కాలేజీ పేరు, సంవత్సరం ముక్కలుముక్కలై ఒకదానిలోకి ఒకటి చొరబడ్డాయి. ఫోన్ నంబరు అసలు రాలేదు. డిజైన్‌లో అది బొమ్మలో భాగమైపోయింది. నక్షత్రాలు చిన్న చిన్న పెట్టెలుగా మారాయి. ఆ నక్షత్రాలు మనిషికైనా ఏం చెబుతాయి? టాలీకి ఐదులో నాలుగంటే, ఐదుకు ఐదు ఎవరు?

నాలుగోదాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రెండో పేజీ చివర మతం, కులం, పెళ్లి కాలేదన్న మాట ఉన్నాయి. ఎవరో పాత నమూనా ఇస్తే అలాగే ఉంచేశాడు. ఫోటో గురించి షరతుతో మాట్లాడాలన్నాను కానీ, ప్రైవేటు ఉద్యోగానికి పంపే కాగితంలో కులం, మతం ఉండకూడదని ఏ షరతూ లేకుండా చెబుతాను. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు వాళ్లు సమానమైన అర్హతలున్న దరఖాస్తులు పంపారు, పేర్లు మాత్రం వేరు. ఒకటి అగ్రకుల హిందువుదిగా తోచే పేరు, ఒకటి దళితుడిదిగా, ఒకటి ముస్లిందిగా. తర్వాతి దశకు పిలుపు వచ్చే అవకాశం మొదటి పేరుతో పోలిస్తే దళిత పేరుకు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. కేవలం పేరుతోనే ఇంత తేడా వచ్చినప్పుడు, అడగని చోట కులాన్ని ఒక వరుసలో రాసి మరీ ఇవ్వడం ఎందుకు? ప్రభుత్వ ఉద్యోగానికి రిజర్వేషన్ కింద దరఖాస్తు చేసినప్పుడు దానికి గడి వేరే ఉంటుంది, అక్కడ తప్పక రాయాలి. రెజ్యూమేలో దానికి చోటు లేదు.

ఇక మిగిలింది పైథాన్. చూసినవాళ్లందరూ "బీకాం వాడికి పైథాన్ ఎందుకు, తీసెయ్" అంటారు. నాకూ నోటిదాకా వచ్చింది. కానీ అది ఉద్యోగం మీద ఆధారపడే సలహా. మరో మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గరికో, ఆడిటర్ ఆఫీసుకో వెళ్లేటట్టయితే పైథాన్ ఉండటం వల్ల ఉపయోగం లేదు, ఆ చోటు మార్గ్‌కు ఇవ్వాలి. హైదరాబాద్‌లో ఏదైనా కంపెనీలో రిపోర్టులు తయారుచేసే ఎంఐఎస్ ఉద్యోగం కావాలనుకుంటే అది ఉండాలి. కాకపోతే పేరొక్కటే చాలదు, దానితో ఏం చేశాడో చూపించాలి. 2బిని ఇప్పటికీ ఎక్సెల్‌లో చేత్తో పోలుస్తున్నాడు కదా, అదే పని పైథాన్‌తో ఒక్క నెలకు చేసి చూపిస్తే అకౌంట్సూ కంప్యూటరూ రెండూ వచ్చిన మనిషని తెలుస్తుంది. చేయకపోతే ఆ పేరు రాయకపోవడమే మంచిది. ఇందులో ఏ దారి మంచిదో నేను చెప్పలేను. దారులు రెండున్నాయని, రెండింటికీ ఒకే కాగితం సరిపోదని మాత్రం చెప్పగలను.

చివరికి అతనికి నేను పంపిన మెసేజ్ దాదాపు ఇది:

"బాబూ, చూశాను. మొదట పది సెకన్లు చూసి మూసేస్తే, కొత్తగా డిగ్రీ అయిన కుర్రాడు సాఫ్ట్‌వేర్ కోసం చూస్తున్నాడేమో అనిపించింది. నీ మూడేళ్ల పని కనపడలేదు. నువ్వు అనుకుంటున్నది అదేనా? కాకపోతే ముందు ఆ పని మొదటి పేజీ పైకి రావాలి, ఆబ్జెక్టివ్ పోవాలి. ఫోన్లో చెప్పిన 2బి, బాకీల జాబితా, స్టాక్ స్టేట్‌మెంట్, మార్గ్ రాయి. ఫైలింగ్ అనే మాట మార్చు. నెలలతో సహా తేదీలు రాయి, చదువుకున్న రెండేళ్లూ దాచకు. కులం, మతం, నక్షత్రాలు తీసెయ్. పట్టికలు లేకుండా మామూలుగా టైపు చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూసుకో. ఇవన్నీ ఏ ఉద్యోగానికైనా అవసరమే. ఫోటో, పేజీల లెక్క, పైథాన్ సంగతి ఇప్పుడు చెప్పను. నీకు నచ్చిన ప్రకటనలు ఏవైనా రెండు పంపు, వాటిని పక్కన పెట్టుకుని చూద్దాం."

ప్రకటనలు రెండు పంపమన్నది కావాలనే. "ఏ ఉద్యోగం కావాలి" అంటే బిక్కమొహం వేసేవాళ్లు కూడా "ఇందులో ఏది బాగుంది" అంటే వేలుపెట్టి చూపిస్తారు. పైగా ప్రకటనలు చదివితే తను చేస్తున్న పనికి కంపెనీలు పెట్టుకున్న పేర్లు తెలుస్తాయి.

నాలుగు రోజులకు అతను మూడు ప్రకటనలు పంపాడు. రెండు మందుల కంపెనీల డిపోల్లో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగాలు, ఒకటి హైదరాబాద్‌లో ఎంఐఎస్. "అంకుల్, ఇందులో రాసినవి సగం నేను రోజూ చేసేవే అండీ" అని కింద రాశాడు. ఇప్పుడతని దగ్గర రెండు ఫైళ్లున్నాయి. ఒకటి పేజీన్నర, ఒకటి పేజీ. ఒకదానిలో పైథాన్ లేదు. రెండోదానిలో ఉండాలా వద్దా అన్నది, మొన్నటి నెల 2బి పోలిక పూర్తయ్యాక తేల్చుకుంటానన్నాడు.

మీ ఫోనుకూ ఇలాంటి పీడీఎఫ్ ఎప్పుడో వచ్చే ఉంటుంది, ఇంకా వస్తుంది. "బాగుంది" అని పంపే ముందు పది సెకన్లు చూసి మూసేయండి. అది ఏ ఉద్యోగం అడుగుతున్నట్టు మీకు అనిపించిందో ఆ ఒక్క వాక్యం రాసి పంపండి.